ఉమ్రాలో పలికే పిలుపులు, దుఆలు: గుంటూరు నుంచి మొదటిసారి వెళ్లేవారికి

లావుపాటి దుఆల పుస్తకం చూసి కంగారు పడకండి. ఉమ్రాలో నోటికి రావలసినవి కొన్నే. మిగతాదంతా తెలుగులోనో ఉర్దూలోనో మీ మాటల్లోనే అడగండి. తెలుగు లిపిలో అరబీ శబ్దాలన్నీ ఇమడవు కాబట్టి బయలుదేరే ముందే మీ మస్జిద్ ఇమామ్ సాబ్ దగ్గర ఒకసారి చదివి సరిచేయించుకోండి.

ఇహ్రామ్, నియ్యత్

గుస్ల్ ఇంట్లోనే కానివ్వండి. గుంటూరు నుంచి రాత్రి బస్సులో శంషాబాద్ చేరాక మగవాళ్లు విమానాశ్రయంలోనే రెండు తెల్ల దుప్పట్లు కట్టుకోవాలి. చెక్-ఇన్ సామానులో పడేస్తే అంతే సంగతులు. ఆడవాళ్లకు మామూలు దుస్తులే ఇహ్రామ్. విమానం జెద్దాలో దిగకముందే మీఖాత్, అంటే ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు, దాటేస్తుంది. సిబ్బంది ప్రకటించగానే, లేదా నిద్ర పట్టేలా ఉంటే అంతకు ముందే, నియ్యత్ చేయండి:

*అల్లాహుమ్మ ఇన్నీ ఉరీదుల్ ఉమ్‌రత ఫయస్సిర్‌హా లీ వ తఖబ్బల్‌హా మిన్నీ.*
అల్లాహ్, ఉమ్రా చేయాలనుకుంటున్నాను. నాకు దాన్ని సులువు చెయ్యి, నా నుంచి స్వీకరించు.

వెంటనే తల్బియా:

*లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్, లబ్బైక లా షరీక లక లబ్బైక్, ఇన్నల్ హమ్‌ద వన్నిఅమత లక వల్ ముల్క్, లా షరీక లక్.*
వచ్చాను అల్లాహ్, నీ పిలుపుకు వచ్చాను. నీకు సాటి ఎవరూ లేరు, వచ్చాను. పొగడ్త, అనుగ్రహం, రాజ్యాధికారం అన్నీ నీవే. నీకు సాటి లేరు.

మన హనఫీ పద్ధతిలో నియ్యత్‌తోపాటు ఇది ఒక్కసారైనా పలికితేనే ఇహ్రామ్ మొదలైనట్టు. మగవాళ్లు గొంతెత్తి, ఆడవాళ్లు తమకు వినిపించేలా పలకాలి. నియ్యత్ లేకుండా మీఖాత్ దాటితే వెనక్కి వెళ్లాలి, లేదంటే దమ్ (ఒక మేక బలి) పడుతుంది. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు కూడా నియ్యత్, తల్బియా మానకూడదు. శుద్ధి అయ్యేదాకా తవాఫ్ మాత్రమే ఆపుకోవాలి. ఇక అత్తరు, వాసన సబ్బు వద్దు. కాబా గిలాఫ్‌కు సుగంధం పూస్తారు కాబట్టి ఇహ్రామ్‌లో ఉండగా దాన్ని అంటుకోకపోవడమే మంచిది.

హరమ్‌లోకి

కుడికాలు ముందు పెట్టి: *అల్లాహుమ్మఫ్‌తహ్ లీ అబ్‌వాబ రహ్మతిక్* (అల్లాహ్, నీ కారుణ్య ద్వారాలు నాకోసం తెరువు). కాబా మొదటిసారి కంటపడగానే చదవాలంటూ నిర్ణీతమైన దుఆ ఏదీ లేదు. మనసులో ఉన్నది అడగండి.

తవాఫ్

వుజూ ఉండాలి. మగవాళ్లు కుడి భుజం మీది గుడ్డ తీసి చంక కిందుగా వేసుకోవాలి, మొదటి మూడు చుట్లు వీలైతే చురుగ్గా నడవాలి. హజ్రె అస్వద్‌కు ఎదురుగా గోడ మీద పచ్చ దీపం ఉంటుంది, ఆ వరుస నుంచే మొదలు. తల్బియా అక్కడ ఆపేయాలి. రాయి వైపు చేయెత్తి *బిస్మిల్లాహి అల్లాహు అక్బర్* అనండి. దాన్ని ముద్దాడాలని జనంలోకి తోసుకెళ్లి ఇతరులను నొప్పించడం కంటే దూరం నుంచి సైగ చేయడమే మేలు.

చుట్టుకో ప్రత్యేక దుఆ అని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది గానీ సున్నత్‌లో అలాంటిదేమీ లేదు. పుస్తకం చూస్తూ నడిస్తే లెక్క తప్పుతుంది, ఎదుటివాళ్లకు తగులుతారు. కాబా మూల రుక్నె యమానీ నుంచి హజ్రె అస్వద్ దాకా మాత్రం ఇది చదవండి:

*రబ్బనా ఆతినా ఫిద్దున్‌యా హసనతవ్ వ ఫిల్ ఆఖిరతి హసనతవ్ వ ఖినా అజాబన్నార్.*
మా ప్రభూ, ఇహంలో మేలు, పరంలో మేలు ప్రసాదించు, నరకాగ్ని బాధ నుంచి మమ్మల్ని కాపాడు.

ఏడు చుట్లయ్యాక భుజం కప్పుకొని *వత్తఖిజూ మిమ్ మఖామి ఇబ్రాహీమ ముసల్లా* (ఇబ్రాహీం నిలిచిన చోటును నమాజు స్థలంగా చేసుకోండి) అంటూ రెండు రకాతులు చదవండి, రద్దీగా ఉంటే మస్జిద్‌లో ఎక్కడైనా సరే. మొదటి రకాతులో కాఫిరూన్, రెండో రకాతులో ఇఖ్లాస్. తవాఫ్ అస్ర్ తర్వాత ముగిస్తే హనఫీలు మగ్రిబ్ దాకా ఆగుతారు.

జమ్‌జమ్ తాగుతూ: *అల్లాహుమ్మ ఇన్నీ అస్‌అలుక ఇల్మన్ నాఫిఅన్, వ రిజ్‌ఖన్ వాసిఅన్, వ షిఫాఅమ్ మిన్ కుల్లి దాఅ్* (అల్లాహ్, మేలు చేసే జ్ఞానం, విశాలమైన ఉపాధి, ప్రతి రోగం నుంచి స్వస్థత అడుగుతున్నాను).

సఈ

సఫా దగ్గరికి వెళ్తూ ఒక్కసారే: *ఇన్నస్సఫా వల్ మర్వత మిన్ షఆఇరిల్లాహ్* (సఫా, మర్వాలు అల్లాహ్ చిహ్నాలలోనివి). తర్వాత సఫా మీద కాబా వైపు తిరిగి మూడుసార్లు *అల్లాహు అక్బర్*, ఆ తర్వాత:

*లా ఇలాహ ఇల్లల్లాహు వహ్‌దహూ లా షరీక లహ్, లహుల్ ముల్కు వ లహుల్ హమ్‌దు వ హువ అలా కుల్లి షైఇన్ ఖదీర్.*
అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు, ఆయన ఒక్కడే, సాటి లేనివాడు. రాజ్యం ఆయనదే, స్తోత్రం ఆయనదే, ఆయన అన్నిటి మీదా శక్తి గలవాడు.

దీన్ని మూడుసార్లు, మధ్యమధ్య సొంత దుఆలతో చదవండి. మర్వా మీద కూడా ఇలాగే. పచ్చ దీపాల మధ్య మగవాళ్లు పరుగులాంటి నడక నడవాలి, ఆడవాళ్లు మామూలుగానే. అక్కడ *రబ్బిగ్‌ఫిర్ వర్‌హమ్, ఇన్నక అన్‌తల్ అఅజ్జుల్ అక్‌రమ్* (ప్రభూ, క్షమించు, కరుణించు, నీవే మహా శక్తిమంతుడివి, మహా ఉదారుడివి).

ఎక్కువమంది పొరబడేది లెక్కలో. సఫా నుంచి మర్వాకు వెళ్తే ఒకటి, తిరిగి సఫాకు వస్తే రెండు. వెళ్లిరావడం ఒకటి అనుకున్నవాళ్లు పద్నాలుగుసార్లు తిరిగి కాళ్లు వాచి కూర్చుంటారు. ఏడోది మర్వా దగ్గరే ముగియాలి, సఫా దగ్గర ముగిసిందంటే లెక్క తప్పినట్టే. అనుమానం వస్తే తక్కువ సంఖ్యను పట్టుకుని పూర్తి చేయండి.

జుట్టు

మగవాళ్లు గుండు చేయించుకోవడం ఉత్తమం, కత్తిరింపూ చెల్లుతుంది. అటూ ఇటూ నాలుగు వెంట్రుకలు తుంచితే చాలదు, తలంతా సమంగా కత్తిరించాలి. ఆడవాళ్లు జుట్టు కొసలు వేలి కణుపంత కత్తిరించుకుంటే సరి, అదీ గదికి వెళ్లాకే. దీంతో ఇహ్రామ్ విడిపోతుంది. దీనికి ముందు అత్తరు పూసుకోవద్దు, మగవాళ్లు మామూలు బట్టలు కట్టొద్దు. మరో ఉమ్రా చేయాలనుకుంటే తన్యీమ్‌లోని మస్జిదె ఆయిషాకు వెళ్లి నియ్యత్, తల్బియాతో మళ్లీ మొదలుపెట్టాలి.