నా గురించి: అమ్మానాన్నలతో కలిసి సాగుతున్న జీవితం

జీవిత భాగస్వామి కోసం వెతుకుతూ ఈ పరిచయం రాస్తున్నాను. నా వయసు 41 సంవత్సరాలు. ఒక సంస్థ ఆడిట్ విభాగంలో పనిచేస్తున్నాను. అమ్మా నాన్నా నాతోనే ఉంటారు. ఈ సంగతి పరిచయం పెరిగాక చెబితే చాలని కొందరు ఆత్మీయులు సలహా ఇచ్చారు గాని, నా జీవితంలో ఇంత ముఖ్యమైన విషయాన్ని ముందుగానే చెప్పడం మీ సమయానికి నేనిచ్చే మర్యాద అని భావిస్తున్నాను.

నాన్నకు 76 ఏళ్లు. కొంతకాలంగా పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. అమ్మకు 72, గ్లాకోమా వల్ల పక్కచూపు బాగా తగ్గింది గాని, జ్ఞాపకశక్తి మాత్రం మా ముగ్గురిలో ఆవిడదే మిన్న. నాన్న ఏ మాత్ర ఏ వేళకు వేసుకోవాలో ఆవిడే గుర్తు చేస్తారు, లేబుల్ మీది చిన్న అక్షరాలు నాన్న చదివి వినిపిస్తారు. ఇద్దరూ ఒకరికొకరు ఆసరాగా ఉన్న ఈ ఇంట్లో నేను మూడో మనిషిని. అన్నీ నా ఒక్కదాని భుజాల మీదే నడుస్తున్నాయని చెబితే అది వాళ్ల శ్రమను తక్కువ చేసినట్టవుతుంది.

నాన్న నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర ఒక్కసారిగా ఆగిపోతారు. అడుగు ముందుకు వేయాలని ఆయనకు ఉంటుంది, పాదం మాత్రం నేలకు అంటుకుపోయినట్టు కదలదు. అలాంటప్పుడు చెయ్యి పట్టి లాగితే పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, నేను పక్కన నిలబడి, ఆయన ఊపిరి కుదుటపడేదాకా ఆగి, నా పాదాన్ని ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టి, దాన్ని దాటమంటాను. దాటవలసిన గీత ఒకటి కళ్లకు కనబడగానే అడుగు పడుతుంది. ఆఫీసుకు వేళవుతున్నా ఆ కాస్సేపు తొందరపడకుండా నిలబడటం నాకు మెల్లమెల్లగా అలవాటైంది. ఎదుటి మనిషి మాట వెతుక్కుంటున్నప్పుడు నేను అడ్డుపడి పూర్తి చేయకపోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఈ గుణం మీకు మా ఇంటి బయట కూడా కనబడుతుంది.

ఆయన వాడే లెవోడోపా మందుకు వేళ తప్పకూడదు. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిస్తే అది సరిగా ఒంటబట్టదు. అందుకని మా ఇంట్లో భోజన వేళలు ముందే నిర్ణయమై ఉంటాయి. రోజును ఒక పద్ధతిలో పెట్టుకోవడం, డాక్టరును అడగవలసినవి రాసిపెట్టుకోవడం, బిల్లులూ బీమా కాగితాలూ ఎప్పటికప్పుడు సర్దుకోవడం నాకు విసుగనిపించవు. అన్నిటికంటే విలువైనదిగా నేను భావించేది వేరొకటి ఉంది: వాళ్ల గురించిన ఏ నిర్ణయమైనా వాళ్లను అడిగే తీసుకుంటాను. చేతికర్ర వద్దని నాన్న చాలాకాలం పట్టుబట్టినప్పుడు నాకు భయం వేసింది, అయినా ఆయన ఒప్పుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాను తప్ప బలవంతపెట్టలేదు.

ఇక మీరు తెలుసుకోవలసిన లెక్కలు. పగటిపూట సహాయానికి ఒక మనిషి వస్తారు. వైద్య ఖర్చులు చాలావరకు నాన్న పింఛనుతోనూ బీమాతోనూ గడుస్తాయి. మిగిలినవి నేనూ తమ్ముడూ పంచుకుంటాం. ఏడాదికి రెండుసార్లు తమ్ముడు వచ్చి ఇంటి బాధ్యత తీసుకుంటాడు, అప్పుడు నేను ప్రయాణాలు చేస్తాను, పాత స్నేహితులను కలుస్తాను. ఆదివారం సాయంత్రాలు సంగీత సాధనకు కేటాయించుకున్నాను, దాన్ని వదులుకోలేదు. అలసిపోయే రోజులు లేవని చెప్పను. అలసినప్పుడు సహాయం అడగడం నాకు తెలుసు.

కాబోయే భాగస్వామి నుంచి అమ్మానాన్నలకు సేవ నేను ఆశించడం లేదు. వాళ్లతో మర్యాదగా, మనసుంటే ఆప్యాయంగా మాట్లాడితే చాలు. అమ్మానాన్నలను విడిచి దూర ప్రాంతానికి రావడం మాత్రం ప్రస్తుతం నాకు కుదరదు. అది మీకు తప్పనిసరి అయితే ఇప్పుడే చెప్పండి, నేనేమీ నొచ్చుకోను. మీకూ పెద్దవాళ్ల బాధ్యత ఉంటే సంకోచించకుండా రాయండి. అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు మీ వెంట ఆసుపత్రికి రావడానికి గాని, ఒక ఆదివారం అనుకున్న కార్యక్రమం మానుకోవడానికి గాని నాకు వివరణలు అక్కర్లేదు.

మొదటి పరిచయం మనిద్దరి మధ్యే, బయట ఎక్కడైనా ప్రశాంతమైన చోట జరిగితే బాగుంటుంది. ఇద్దరికీ కుదురుతుందనిపించాకే అమ్మానాన్నలను పరిచయం చేస్తాను. రాత్రి 9 తర్వాత నాన్న నిద్రపోతారు కాబట్టి, ఆ వేళ తీరికగా మాట్లాడగలను. సందేశం మాత్రం ఎప్పుడైనా పంపవచ్చు, ఆ రోజే జవాబిస్తాను.