నగదు నిర్వహణ, సరుకు నిల్వల నియంత్రణలో గమనించిన లోపాలపై యాజమాన్యానికి లేఖ

గోప్యం: యాజమాన్యం ఉపయోగార్థం మాత్రమే

యజమాని గారికి,

విషయం: మార్చి 31తో ముగిసిన సంవత్సరపు ఆడిట్‌లో గమనించిన అంతర్గత నియంత్రణ లోపాలు

అయ్యా,

మీ దుకాణానికి సంబంధించి పై సంవత్సరపు ఆర్థిక నివేదికల ఆడిట్‌ను ముగించాము. ఆ పనిలో భాగంగా నగదు, సరుకు నిల్వలకు సంబంధించిన పద్ధతులను పరిశీలించినప్పుడు మా దృష్టికి వచ్చిన ముఖ్యమైన లోపాలను ఆడిటింగ్ ప్రమాణం 265 ప్రకారం లిఖితపూర్వకంగా మీకు తెలియజేస్తున్నాము. మా పరీక్షలు ఆర్థిక నివేదికలపై అభిప్రాయం ఇవ్వడానికి అవసరమైనంత మేరకే జరిగాయి కనుక, ఉన్న లోపాలన్నీ ఈ లేఖలో చేరాయని భావించవద్దు. మా రాతపూర్వక అనుమతి లేకుండా దీనిని బయటివారికి ఇవ్వవద్దని కోరుతున్నాము.

వివరాల్లోకి వెళ్లేముందు మా ప్రధాన అభిప్రాయం చెబుతాము. మీ దుకాణంలో ఎవరైనా నగదు గానీ సరుకు గానీ కాజేశారని మాకు ఆధారం దొరకలేదు. అయితే నష్టమంటూ జరిగితే అది పొరపాటు వల్ల జరిగిందా, చేతివాటం వల్ల జరిగిందా అని తేల్చగలిగే స్థితిలో మీ రికార్డులు లేవు. సిబ్బంది చాలా ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్నారని మీరు మాతో అన్నారు. దానిని మేము ప్రశ్నించడం లేదు. కానీ రేపు తేడా బయటపడితే తన తప్పు లేదని చూపించుకోవడానికి ఆ సిబ్బందికి కూడా ఈ రికార్డులు ఉపయోగపడవు.

నగదు

మార్చి నెలలో దుకాణం తెరిచిన 26 రోజుల నగదు పట్టీలనూ చూశాము. ప్రతి రోజూ బిల్లుల మొత్తానికి, గల్లాలోని నగదుకు తేడా సున్నా అని రాసి ఉంది. చిల్లర ఇచ్చిపుచ్చుకునే కౌంటరులో నెలంతా ఇలా పైసా తేడా లేకుండా ఉండడం సహజం కాదు. ముందుగా చెప్పకుండా మేము గల్లా లెక్కించిన రోజున దీనికి కారణం కనిపించింది. కౌంటరు కింది అరలో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. ఎక్కువ వచ్చిన డబ్బును అందులో వేయడం, తక్కువైన రోజున అందులోంచి తీసి గల్లాలో కలపడం ఆనవాయితీగా సాగుతోంది. ఆ డబ్బాకు లెక్క లేదు. దాని అడుగున పాత బిల్లు కాగితాల వెనుక పెన్సిల్‌తో రాసిన ఏడు చీటీలు ఉన్నాయి. వాటిలో మూడింటిపై ‘అడ్వాన్సు’ అని మాత్రమే ఉంది. ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో లేదు.

తేడాలను దాచే అలవాటు తేడాలకంటే ప్రమాదకరమని మా అభిప్రాయం. ఆ డబ్బాను వెంటనే తీసివేసి, అందులోని మొత్తాన్ని మీ సమక్షంలో లెక్కించి నగదు పుస్తకంలో జమ రాయించండి. ఇకపై ఎక్కువైనా తక్కువైనా ఉన్నది ఉన్నట్లు రాయాలని, తేడా రాసినందుకు ఎవరినీ మందలించబోమని సిబ్బందికి మీరే స్వయంగా చెప్పడం మంచిది. చిన్న తేడాలకు జీతంలో కోత పెడతామంటే ఆ డబ్బా మరో అరలోకి మారుతుందే తప్ప పోదు.

ఒకే గల్లాను ఇద్దరు ఉద్యోగులు ఒకే పాస్‌వర్డ్‌తో వాడుతున్నారు. మధ్యాహ్నం ఒకరు దిగి మరొకరు కూర్చునేటప్పుడు నగదు లెక్కించడం లేదు. ఒక్కొక్కరికి విడి పాస్‌వర్డ్ ఇచ్చి, మార్పిడి సమయంలో ఇద్దరూ కలిసి లెక్కించి సంతకం చేసే పద్ధతి పెట్టాలి. దీనికి అదనపు ఖర్చేమీ లేదు.

మేము అన్నిటికంటే తీవ్రంగా పరిగణిస్తున్న అంశం రద్దు చేసిన బిల్లులు. మార్చిలో 62 బిల్లులు రద్దయ్యాయి. వాటిలో 23 బిల్లులకు కారణం నమోదు కాలేదు. ఆ 23లో 14 బిల్లులు దుకాణం మూసే ముందు చివరి అరగంటలోనే రద్దయ్యాయి. ఈ 14లో ఒక్కదానికీ కొనుగోలుదారు నుంచి వెనక్కి తీసుకున్న బిల్లు ప్రతి జత చేసి లేదు. ప్రస్తుత ఏర్పాటులో రద్దు చేయడానికి ఎవరి ఆమోదమూ అక్కరలేదు. కొనుగోలుదారు డబ్బు చెల్లించి సరుకుతో వెళ్లిపోయిన తరువాత ఆ బిల్లును రద్దు చేస్తే, అంతే మొత్తం గల్లాలోంచి బయటికి వెళ్లినా సాయంత్రం నగదు లెక్క సరిపోతుంది. అదే సమయంలో కంప్యూటరు ఆ వస్తువును తిరిగి నిల్వలో చేర్చుకుంటుంది. అంటే నగదులో పడాల్సిన లోటు సరుకులో తేలుతుంది, అదీ సంవత్సరాంతపు లెక్కింపు జరిగినప్పుడే. ఇలా జరిగిందని మేము అనడం లేదు. ఇలా జరిగితే మీకు తెలిసే మార్గం లేదని అంటున్నాము. రద్దు చేసే అధికారాన్ని మీకు గానీ, గల్లా బాధ్యత లేని మరొక ఉద్యోగికి గానీ పరిమితం చేయించండి. ఆ రోజు రద్దయిన బిల్లుల జాబితాపై మరుసటి ఉదయం మీరు సంతకం చేయండి.

వసూలైన నగదును మూడు నాలుగు రోజులకోసారి బ్యాంకులో వేస్తున్నారు. ఈలోగా సరఫరాదారులకు, సామాను దించినవారికి అందులోంచే చెల్లిస్తున్నారు. ఫలితంగా ఏ జమ చీటీ ఏ రోజు అమ్మకానికి సంబంధించినదో పోల్చి చూడడం మాకు సాధ్యపడలేదు. పైగా సెలవులకు ముందు దుకాణంలో నిలిచిపోయే నగదు, మీ బీమా పత్రంలో నగదుకు పెట్టిన పరిమితిని రెండు సందర్భాల్లో దాటింది. ఆ రాత్రులలో దొంగతనం జరిగి ఉంటే పరిమితికి మించిన భాగానికి పరిహారం వచ్చేది కాదు. ప్రతి రోజు వసూలును ఏమీ తీయకుండా మరుసటి పని దినాన పూర్తిగా జమ చేయించండి. చిల్లర ఖర్చులకు నిర్ణీత మొత్తాన్ని వేరుగా ఇచ్చి, ఖర్చయినంత మేరకు ఓచర్లు చూశాకే తిరిగి నింపండి.

కార్డు, మొబైల్ చెల్లింపుల విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. బిల్లులో ఆ పద్దు కింద చూపిన మొత్తాలను బ్యాంకు ఖాతాలోకి వచ్చిన మొత్తాలతో ఎవరూ సరిచూడడం లేదు. రద్దీ వేళల్లో కొనుగోలుదారు చూపిన ఫోను తెరను చూసి సరుకు ఇచ్చేస్తున్నారు. డబ్బు మీ ఖాతాకు చేరినట్లు మీ వైపు సమాచారం వచ్చాకే సరుకు ఇవ్వాలి.

సరుకు నిల్వలు

మేము 40 రకాల వస్తువులను ఎంచుకొని లెక్కించాము. 11 రకాల్లో పుస్తకపు నిల్వకు, అరల్లో ఉన్నదానికి పొంతన లేదు. మూడింటిలో ఎక్కువ, ఎనిమిదింటిలో తక్కువ తేలింది.

ఎక్కువ తేలిన మూడింటికీ కారణం ఒక్కటే, అది తేలికగా సరిదిద్దగలిగినది. ఉదాహరణకు ఒక రకం బ్యాటరీలు పదేసి ఉన్న ప్యాకెట్లుగా వస్తాయి. 15 ప్యాకెట్లు వచ్చినప్పుడు కొనుగోలులో 15 అని నమోదు చేశారు. అమ్మకం మాత్రం విడి బ్యాటరీలుగా జరుగుతోంది. 142 అమ్ముడయ్యేసరికి కంప్యూటరులో నిల్వ మైనస్ 127 అని కనిపిస్తోంది. అరలో 8 బ్యాటరీలు ఉన్నాయి. మైనస్‌లో ఉన్న నిల్వను నెలల తరబడి ఎవరూ ప్రశ్నించకపోవడం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. మైనస్ నిల్వల జాబితాను వారానికోసారి తీయించి చూస్తే ఇటువంటివి అప్పటికప్పుడే బయటపడతాయి.

తక్కువ తేలిన ఎనిమిదింటికి అలాంటి వివరణ దొరకలేదు. వాటిలో ఐదు రకాలు, పైన చెప్పిన కారణం లేని 23 రద్దు బిల్లుల్లో కూడా కనిపిస్తున్నాయి. ఇది కాకతాళీయం కావచ్చు. ఎక్కువగా అమ్ముడుపోయే వస్తువులు ఎక్కువ బిల్లుల్లో ఉండడం, ఎక్కువ బిల్లుల్లో ఉన్నవి ఎక్కువగా రద్దవడం సహజమే. అయినా ఈ ఐదు రకాలను మాత్రం మీరు స్వయంగా వచ్చే మూడు నెలలపాటు వారం వారం లెక్కించాలని గట్టిగా సూచిస్తున్నాము.

సరుకు దిగేటప్పుడు జరిగే తనిఖీ కూడా బలహీనంగా ఉంది. గోదాము బాధ్యుడే సరుకు దించుకుని, ఇన్వాయిస్ చూసి కంప్యూటరులో ఎక్కించి, సంవత్సరాంతంలో లెక్కింపు కూడా చేస్తున్నారు. మేము చూసిన 30 ఇన్వాయిస్‌లలో 12 వాటిపై సరుకు అందుకున్నట్లు సంతకం లేదు. మా సమక్షంలో దిగిన ఒక సరుకులో పెట్టెకు 24 చొప్పున మూడు పెట్టెలని ఇన్వాయిస్‌లో ఉంది. విప్పి చూడమని మేము అడిగాక, ఒక పెట్టెలో 20 మాత్రమే ఉన్నట్లు తేలింది. ఇన్వాయిస్‌ను పక్కన పెట్టి, ముందు వచ్చినదాన్ని లెక్కించి రాసుకొని, ఆ తరువాతే ఇన్వాయిస్‌తో పోల్చాలి. కంప్యూటరులో నమోదును వేరొకరికి అప్పగించాలి.

సంవత్సరాంతపు లెక్కింపు పట్టీల్లో పుస్తకపు నిల్వ ముందే అచ్చయి ఉంటోంది. చూపిన అంకెకే టిక్కు పెట్టాలనిపించడం మానవ సహజం. ఆ గడి లేకుండా పట్టీలు అచ్చు వేయించి, గల్లా నుంచి ఒకరిని, గోదాము నుంచి ఒకరిని జతగా పంపండి. సంవత్సరానికి ఒకసారితో సరిపెట్టకుండా, విలువైన రకాలను నెలకోసారి, మిగతావాటిని విడతలుగా లెక్కించవచ్చు. ఇలా చేస్తే దుకాణం మూయనక్కరలేదు.

మార్చి చివరి రెండు రోజుల్లో దిగిన నాలుగు సరుకులు నిల్వ లెక్కలోకి వచ్చాయి గానీ, వాటి ఇన్వాయిస్‌లు ఏప్రిల్ కొనుగోళ్లలో చేరాయి. దీనివల్ల లాభం వాస్తవానికంటే ఎక్కువగా కనిపించింది. మా సూచనపై మీరు తుది లెక్కల్లో దీనిని సవరించారు. అలాగే గోదాము వెనుక వరుసలో రంగు వెలిసిన, అట్టలు చిరిగిన సరుకును కొన్న ధరకే విలువ కట్టారు. కొన్న ఖర్చు, అమ్మితే నికరంగా చేతికి వచ్చే మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానినే తీసుకోవాలి. ఈ తగ్గింపును కూడా మీరు తుది లెక్కల్లో చేర్చారు.

అమలు

ఐదుగురు పనిచేసే దుకాణంలో ప్రతి పనికి వేరే మనిషిని పెట్టడం కుదరదని మాకు తెలుసు. ఆ లోటును పూడ్చగలిగేది యజమాని పర్యవేక్షణే. ప్రతి ఉదయం ముందు రోజు నగదు పట్టీ, రద్దు బిల్లుల జాబితా, బ్యాంకు జమ చీటీ, ఈ మూడింటిని పక్కపక్కన పెట్టుకొని చూడడానికి మీకు పావుగంట పడుతుంది. మా సూచనల్లో ఒక్కటే అమలు చేయగలిగితే దీనినే ఎంచుకోండి.

రద్దు అధికారం, విడి పాస్‌వర్డ్‌లు, లెక్కలేని డబ్బా తొలగింపు, ఈ మూడింటిని రెండు వారాల్లో పూర్తి చేయాలని, మిగిలినవాటిని మూడు నెలల్లోపు అమలు చేయాలని మా సూచన. ఏ సూచనను ఎవరి బాధ్యతపై ఎప్పటిలోగా అమలు చేస్తారో, దేనితోనైనా మీరు ఏకీభవించకపోతే కారణమేమిటో తెలుపుతూ ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు పంపగలరు. ఆడిట్ సమయంలో మీరు, మీ సిబ్బంది అందించిన సహకారానికి కృతజ్ఞతలు.

భవదీయుడు,

ఆడిట్ బాధ్య భాగస్వామి