ఇచ్ఛాపురం అవతలికి వెళ్తున్న రమణ గారికి, డెస్క్ తరఫున

ఎడిషన్ ఇన్‌ఛార్జ్ గారికి, డెస్క్ మిత్రులకు, రిపోర్టర్లకు, పేజీలు పెట్టే తమ్ముళ్లకు, పిలవగానే వచ్చిన జ్యోతి గారికి, పరీక్షలు పెట్టుకుని కూడా వచ్చిన హాసినికి నమస్కారం.

నాలుగు మాటలు చెప్పమన్నారు. సబ్ ఎడిటర్‌ని కదా, కాగితం లేకుండా మాట్లాడితే ఇంట్రో ఎక్కడ మొదలైందో నాకే తెలీదు. అందుకే రాసుకొచ్చాను. రమణ గారి జేబులో ఎర్ర పెన్ను ఉంటే పక్కనున్నవాళ్లు దయచేసి తీసేసుకోండి. ఈ కాపీ దిద్దడానికి కాదు.

వార్త అందరికీ తెలిసిందే. జ్యోతి గారికి బ్యాంకులో చీఫ్ మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది. పోస్టింగ్ బరంపురంలో. రమణ గారు ఇక్కడ ఉద్యోగం వదిలేసి కుటుంబంతో కలిసి వెళ్తున్నారు. ఈ మూడు వాక్యాలూ ఆయన పద్ధతిలోనే రాశాను: ఎవరు, ఏమిటి, ఎక్కడ. విశేషణాలు లేవు. నా పాట్లన్నీ ఇక్కణ్నుంచే.

ఆయన రాజీనామా ఇచ్చిన వారం మన ఆఫీసులో వినబడిన ప్రశ్నలు గుర్తున్నాయి కదా. "ఆవిడ వెళ్లి రెండేళ్లు చేసి వచ్చేయొచ్చుగా?" "నెలకోసారి వెళ్లిరాకూడదూ?" "ఈ వయసులో ఉద్యోగం మానేస్తే ఎలాగండీ?" అడిగినవాళ్లు మంచి మనసుతోనే అడిగారు, కాదనను. కానీ మా ఆయనకు బదిలీ అయిందని రేపు నేను రాజీనామా ఇస్తే ఈ ప్రశ్నల్లో ఒక్కటీ రాదు. కేకు కోసి, పట్టుచీర పెట్టి, "అక్కడ కూడా ఏదైనా చూసుకో అమ్మా" అని పంపించేస్తారు. రమణ గారు ఆ ప్రశ్నలకు పెద్దగా జవాబు చెప్పలేదు. "మా ఆవిడ ప్రమోషన్ ఇదివరకే ఒకసారి వద్దని రాసిచ్చేసింది. రెండోసారి రాసివ్వనివ్వను" అన్నారు. అంతే. మళ్లీ కాపీలోకి తల దూర్చేశారు.

బ్యాంకుల సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. అక్కడ ప్రమోషన్ అంటే చాలావరకు ఊరు మారడమే. పిల్లల చదువులు, ఇంట్లో పెద్దవాళ్లు, భర్త ఉద్యోగం అంటూ ఎంతమంది ఆడవాళ్లు పైమెట్టు వద్దనుకుని అదే కుర్చీలో ఉండిపోయారో! జ్యోతి గారు అలా ఆగింది ఎవరి కోసమో ఈ గదిలో అందరికీ తెలుసు. మన నైట్ డ్యూటీల కోసం. ఆయన తెల్లవారుజామున ఇల్లు చేరితే, ఆవిడ పొద్దున్నే సాలూరు బ్రాంచికి బస్సెక్కిన రోజులున్నాయి. హాసినిని బడికి తయారుచేసే ఆ అరగంటలో మాత్రమే ముగ్గురూ మేలుకుని ఉండేవారట. ఇంతకాలం మన పేజీలు టైముకి వెళ్లాయంటే అందులో ఈవిడ వాటా ఉంది. అది జీతం స్లిప్పులో ఎప్పుడూ రాలేదు. జ్యోతి గారూ, మీకు అభినందనలు చెప్పడానికి ఈ సభ పెట్టాం అనుకోండి. ఆయనకు వీడ్కోలు రెండో ఐటమ్.

ఇప్పుడు ఆ రెండో ఐటమ్ దగ్గరికి వస్తాను.

కొత్తగా వచ్చిన పిల్లలకు తిత్లీ సంగతి తెలియదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తుపాను తీరం దాటింది. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ కంట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసినా మోగదు. కరెంటు లేదు, టవర్లు లేవు. ఒక్కొక్కరే ఏ లారీనో మోటారుసైకిలో పట్టుకుని సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి ఫోన్లో చెబుతుంటే రమణ గారు కీబోర్డు మీద దించుకున్నారు. కొబ్బరిచెట్లు నేలకూలాయి, జీడితోటలు ధ్వంసం, అపార నష్టం అని అందరూ ఒకటే పాట. ఆయన మాత్రం కవిటి ఆయన్ని పట్టుకుని అడిగారు: "పడిపోయిన చెట్టు వయసెంత? కొత్త మొక్క పెడితే కాపుకి ఎన్నేళ్లు పడుతుంది? అప్పటిదాకా ఆ ఇల్లు దేని మీద బతుకుతుంది?" అవతలాయన మొదట విసుక్కున్నాడు. తర్వాత ఒక రైతుకే ఫోన్ ఇచ్చేశాడు. మర్నాడు ఉద్దానం మీద మన పేజీలో నష్టం అంకె కింద వరుసలోకి పోయింది, ఆ రైతు చెప్పిన లెక్క పైకి వచ్చింది. ఆ పేజీ కటింగ్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. జర్నలిజం తరగతులు నేను బాగానే విన్నాను గానీ, ఆ రాత్రి పక్క కుర్చీలో కూర్చోవడం వేరు.

ఊళ్ల పేర్ల దగ్గర ఆయన పెట్టే తిప్పలు కూడా చెప్పాలి. కాపీలో "కొత్తూరు" అని వస్తే చాలు, ఫోన్ ఎత్తేవారు. మండల కేంద్రం కొత్తూరా, వజ్రపుకొత్తూరా, ఇంకెక్కడో కొత్తూరా? "చనిపోయినవాడి ఊరు తప్పు వేస్తే వాళ్ల బంధువులు వేరే ఊరికి పరిగెడతారమ్మా" అనేవారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు ఇరవై ఆరు అయినప్పుడు రాజాం విజయనగరానికి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యానికి వెళ్లిపోయాయి. ఏ వార్త ఏ జిల్లా పేజీలో పెట్టాలో తెలియక డెస్కంతా గందరగోళం. ఆయన మండలాల పట్టిక చేత్తో రాసి గోడకు అంటించారు. సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఉన్నాయి, అయినా ఇవాళ్టికీ మనం చూసేది ఆ గోడనే. రమణ గారూ, అది మాత్రం పీక్కెళ్లకండి.

ఇక భాష. "ఘోర రోడ్డు ప్రమాదం" అని రాస్తే "ఘోరం కాని ప్రమాదం ఒకటి చూపించు, అప్పుడు వేద్దాం" అనేవారు. దుర్మరణం, దిగ్భ్రాంతి, అశేష జనవాహిని... ఇవి కనబడితే చాలు, కొట్టేసేవారు. ఊళ్లో మనిషి పొద్దున్నే టీ కొట్టు దగ్గర పక్కవాడికి గట్టిగా చదివి వినిపిస్తే తడబడకూడదు, అదీ ఆయన పరీక్ష. ఈ పట్టుదలకు మూలపురుషుడు మన జిల్లావాడే, గిడుగు రామమూర్తి గారు. ఆయన ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసిపోతే, ఆ పెద్దాయన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. మన రమణ గారేమో ఎదురు దిక్కున, అటే బయల్దేరారు. చరిత్ర బాకీ ఇలా తీరుస్తారని ఎవరూ అనుకుని ఉండరు.

అటు అన్నానని పరాయి దేశం అనుకోకండి. ఇచ్ఛాపురం దాటితే పాతిక కిలోమీటర్లకు అటూఇటూ బరంపురం. మన సోంపేట, కవిటి వాళ్లు పెద్ద జబ్బు చేస్తే విశాఖ కంటే ముందు అక్కడికే పరిగెడతారు. వి.వి.గిరి గారు పుట్టింది అక్కడే. బజార్లో తెలుగు వినబడుతుంది. కానీ తెలుగు వినబడటం వేరు, తెలుగు పేపర్ డెస్కు ఉండటం వేరు. రెండోది అక్కడ ఆయనకు దొరకదు. వెళ్తున్నది తెలిసే వెళ్తున్నారు. అనువాదం పనులు చూస్తానంటున్నారు, ఒడియా ఒకటో తరగతి వాచకం కొనేశారు కూడా. మొన్న క్యాంటీన్లో గుండ్రటి అక్షరాలు రాసుకుంటూ కూర్చున్నారు. హాసిని చెప్పిన దాన్నిబట్టి తండ్రి కంటే కూతురే ముందుందట.

నిజం చెప్పాలంటే, ఈ వెళ్లడం ఆయనకు తేలిక అని నేను అనుకోవడం లేదు. ఆయనంతట ఆయన ఆ మాట ఎప్పుడూ అనరు. కానీ మొన్న రాత్రి పేజీలు వదిలాక అందరూ వెళ్లిపోయినా పాత ఫైళ్లు సర్దుతున్నానంటూ ఉండిపోయారు. సర్దడానికి అక్కడ ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. నేను టీ తెచ్చి పెట్టాను. దాని గురించి మేమేం మాట్లాడుకోలేదు, జీడిపప్పు ధర మీద మాట్లాడుకున్నాం.

మాకూ తేలిక కాదు. "ఆయన స్థానంలో ఎవరో వస్తారు, పని ఆగదు" అని అంటారు. పని ఆగదు, నిజమే. పేజీ పదకొండుకి వెళ్తుంది, పన్నెండుకీ వెళ్తుంది. కానీ ఇచ్ఛాపురం నుంచి కాపీ రాగానే "ఈయన రాశాడంటే ఇందులో ఇంకో సగం రాయకుండా దాచాడు, అడుగు" అని చెప్పేదెవరు? ఏ కంట్రిబ్యూటర్‌కి కూతురి పెళ్లి, ఎవరికి డయాలసిస్, ఎవరిని గట్టిగా అడగొచ్చు, ఎవరిని ఓ వారం వదిలేయాలి... ఇవి ఏ పట్టికలోనూ లేవు. ఆయనతోనే వెళ్తున్నాయి. ఈ వారం ఆయన పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. కొంత రాసుకున్నాను. చాలావరకు రాసుకోవడం కుదిరేవి కాదు.

అయినా ఉండిపోండి అని మాత్రం అడగం. అడిగితే ఆ మాట జ్యోతి గారిని అడిగినట్టే అవుతుంది. ఆవిడ ఇంతకుముందే ఒకసారి ఒప్పుకున్నారు, అది చాలు. రమణ గారూ, మీరు వెళ్తున్నందుకు బాధగా ఉంది, వెళ్లాలని నిర్ణయించుకున్నందుకు గర్వంగా ఉంది. ఈ రెండింటినీ ఒకే హెడ్డింగ్‌లో పట్టించడం నాకు చేతకాలేదు. రెండు డెక్‌లు ఇచ్చేశాను, తీసుకోండి.

ఇక పని మాటలు. మీ నంబరు గోడ మీద పట్టిక పక్కనే రాసి ఉంచాం. రాత్రి పదకొండు దాటాక ఒడిశా సరిహద్దు వార్త ఏదైనా వస్తే ఫోన్ చేస్తాం, పడుకున్నారా అని అడగం. జ్యోతి గారూ, ఈ విషయంలో ముందే క్షమించండి. ఎడిషన్ వాళ్లందరం కలిసి కొన్నది ఒక టేబుల్ ల్యాంపు, ఒక మంచి తెలుగు నిఘంటువు. ల్యాంపు అనువాదాలకు. నిఘంటువు ఆయనకు అక్కర్లేదని తెలుసు, హాసిని కోసం కొన్నాం. ఒడియాలో నాన్నను దాటేసినా తెలుగులో మాత్రం దాటనివ్వకూడదు కదా.

నాలుగున్నరకు మీటింగ్ ఉంది, ఇన్‌ఛార్జ్ గారు అప్పుడే గడియారం చూస్తున్నారు. ఈలోగా పకోడీలు చల్లారకముందే జ్యోతి గారు రెండు మాటలు మాట్లాడాలి. రమణ గారు ఆఖర్న మాట్లాడతారు, రెండు వందల పదాలకు మించకుండా.