భద్రతా వారోత్సవంలో ప్లాంట్ మేనేజర్ ప్రసంగం

అందరికీ నమస్కారం. హెల్మెట్లు, బూట్ల గురించి ఈ వారమంతా వింటూనే ఉంటారు. నేను మీ పక్కనున్న మనిషి గురించి చెబుతాను.

గ్రైండర్ పట్టుకున్నవాళ్లకు కళ్లద్దాలు నుదుటి మీదే ఉండిపోయిన సంగతి ధ్యాసలో ఉండదు. మీకు కనిపిస్తుంది. వెనక నుంచి భుజం తట్టకండి, ఉలిక్కిపడతారు. ఎదురుగా వెళ్లి చెయ్యి ఊపండి.

ట్యాంకులో ఎవరైనా పడిపోతే వెంటనే దూకాలనిపిస్తుంది. దిగొద్దు! మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ లోపల తగ్గిపోయి ఉండొచ్చు, విషవాయువూ ఉండొచ్చు. కాపాడబోయి మీరూ పడిపోతారు. అలారం కొట్టి, రెస్క్యూ టీమ్‌ను పిలవండి.

జూనియర్ చెబితే సీనియర్‌కు కోపం వస్తుందా? రానివ్వండి. పని ఎందుకు ఆపావని ఎవరైనా నిలదీస్తే నేరుగా నా దగ్గరికి రండి. ప్రొడక్షన్ లెక్క నేను చూసుకుంటాను.