శనివారం చర్చకు ప్రశ్న: ధరలను అదుపులో పెట్టేది ఆర్‌బీఐ స్వేచ్ఛా, ఓటరు కోపమా?

ఎంఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం, నల్గొండ. శనివారం ఉదయం 10 గంటలకు.

ప్రశ్న: కేంద్ర బ్యాంకుకు స్వేచ్ఛ ఎక్కువగా ఉన్న దేశాల్లో ద్రవ్యోల్బణం తక్కువ అంటారు. ఆ స్వేచ్ఛే దానికి కారణమా? లేక ధరలు పెరిగితే ఊరుకోని జనం ఉన్న చోట ఆ రెండూ కలిసి వచ్చాయా? మన దేశ అనుభవం ఎటు మొగ్గుతుంది?

పోయినసారి సగం మంది 'స్వతంత్రత మంచిదే' అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నారు. ఈసారి అది నడవదు. ఇది చదివి రండి.

ఈ వాదనకు బలమిచ్చింది 1993లో అలెసీనా, సమ్మర్స్ రాసిన వ్యాసం. పారిశ్రామిక దేశాలను వరుసలో పెట్టి చూస్తే, జర్మనీ, స్విట్జర్లాండ్‌లాగా బ్యాంకుకు స్వేచ్ఛ ఉన్న చోట ద్రవ్యోల్బణం తక్కువగా కనిపించింది. వృద్ధి రేటు మాత్రం దీనివల్ల పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు. పైసా ఖర్చు లేని మందు దొరికినట్టే అనిపించింది చాలామందికి.

అంతకు ఏడాది ముందే కుకియర్‌మన్, వెబ్, నెయాప్తి ఒక చిక్కు బయటపెట్టారు. వర్ధమాన దేశాల్లో చట్టంలో రాసిన స్వేచ్ఛకూ ద్రవ్యోల్బణానికీ సంబంధం దొరకలేదు. గవర్నర్లను ఎంత తరచుగా మార్చారో లెక్కిస్తే మాత్రం దొరికింది. అంటే చట్టంలో ఏం రాశారన్నది కాదు, కుర్చీలో మనిషి ఎన్నాళ్లు నిలిచాడన్నది చూడాలి. టర్కీలో 2019 జూలై నుంచి 2021 మార్చి వరకు ముగ్గురు గవర్నర్లను తీసేశారు. ఆ తర్వాత ధరలు ఎగబాకుతున్నా వడ్డీ తగ్గించారు. 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 85% దాటింది.

ఎదురు సాక్ష్యం జపాన్. అక్కడ బ్యాంకుకు చట్టబద్ధ స్వేచ్ఛ 1998లో గానీ రాలేదు. 1980ల్లోనే ధరలు మెత్తగా ఉన్నాయి. ఆడమ్ పోసెన్ వాదన ఇక్కడే అతుకుతుంది: ద్రవ్యోల్బణాన్ని గట్టిగా వ్యతిరేకించే వర్గాలు, ముఖ్యంగా ఆర్థిక రంగం, బలంగా ఉన్న చోటే బ్యాంకుకు స్వేచ్ఛా వస్తుంది, ధరలూ నిలుస్తాయి. ఇక అమెరికా ఫెడ్‌కు స్వేచ్ఛ లేదని ఎవరూ అనరు. అయినా 2022 జూన్‌లో అక్కడ 9.1%.

మన సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగండి. 1955 నుంచి కేంద్రం ఖాతాలో నిల్వ 50 కోట్ల కంటే తగ్గితే దానంతటదే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లు పుట్టేది. ఆర్‌బీఐ డబ్బు ఇచ్చేది. అడగడం, కాదనడం అన్న మాటే లేదు. 1974 నుంచి దానిమీద వడ్డీ 4.6%. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చుకునేవాడికి ఏడాదికి 24% పడుతుంది, పోల్చుకోండి. ఈ ఏర్పాటు 1997లో ఆగింది. చట్టం కింద 4% ద్రవ్యోల్బణ లక్ష్యం, వడ్డీ రేటు తేల్చే ఆరుగురి కమిటీ 2016లో వచ్చాయి. ఇప్పటికీ ఆర్‌బీఐ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ప్రజాప్రయోజనం పేరుతో కేంద్రం ఆదేశాలివ్వొచ్చు.

ఆ నలభై రెండేళ్లు తాళం కేంద్రం చేతిలోనే ఉంది కదా, లాటిన్ అమెరికాలోలాగా ఏడాదికి వందల శాతం ఎందుకు పెరగలేదు? నాకు తోచిన జవాబు: ఓటరు. 1974లో పెట్రోలు దెబ్బకు, పంటల కొరతకు ధరలు భగ్గుమంటే ప్రభుత్వమే బిగించింది. 1998లో ఢిల్లీలో అధికార పార్టీని ఉల్లిగడ్డ ముంచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది నిరూపణ కాదు, నా మొగ్గు మాత్రమే. కాదనగలిగితే కాదనండి, సంతోషిస్తాను.

2016 తర్వాత ద్రవ్యోల్బణం తగ్గిందనేవాళ్లు రెండు సంగతులు దాటాలి. ముడిచమురు ధర 2014 చివర్లోనే కూలింది. 2022 జనవరి నుంచి సెప్టెంబరు దాకా మూడు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం పై హద్దైన 6% గీత దాటితే, చట్టం ప్రకారం ఆర్‌బీఐ కేంద్రానికి సంజాయిషీ లేఖ రాయాల్సొచ్చింది.

2023 జూలై గుర్తుందా? ప్రకాశం బజార్‌లో కిలో టమాటా అడిగి, ధర విని, పావు కిలో కట్టించుకుని వచ్చాను. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44%. రెపో రేటు 6.5% దగ్గర కదలకుండా ఉంది. కదిపినా టమాటా దిగేదా? 2012 ఆధారంగా కట్టిన అప్పటి సూచీలో ఆహారానికి దాదాపు 46% బరువుండేది. వరి మద్దతు ధర కేంద్రం ప్రకటిస్తుంది, బియ్యం ఎగుమతులు ఆపేదీ అదే. మరి ఆర్‌బీఐకి ఇచ్చిన స్వేచ్ఛ ఏ సరుకు ధర మీద పనిచేస్తున్నట్టు?

కిటికీ వైపు బెంచీలవాళ్లు 'చట్టమే కారణం' అని వాదించాలి, గోడ వైపువాళ్లు 'కాదు' అని. మీ సొంత అభిప్రాయం ఏదైనా సరే. ఒక్కొక్కరు ఒక దేశం, ఒక కాలం పట్టుకుని రండి. టర్కీ తప్ప, అది నేనే వాడేశాను.