శనివారం టీకాలు, వచ్చేవారం అపాయింట్‌మెంట్లు: కావలి క్లినిక్ నుంచి

నమస్కారమండి. కావలి ట్రంకు రోడ్డులోని మన క్లినిక్ కౌంటర్ నుంచి, 2025 నవంబరు 6, గురువారం.

ముందుగా ఒక మాట. ఇది గ్రూపు కాదు, బ్రాడ్‌కాస్ట్. ఇందులో ఇంకెవరున్నారో మీకు కనపడదు, మీరున్నట్టు వాళ్లకూ కనపడదు. మీరిచ్చే జవాబు మా కౌంటర్ ఫోనుకే వస్తుంది. పసిబిడ్డల తల్లులకూ, బీపీ చూపించుకునే పెద్దవాళ్లకూ, ఎప్పుడో ఒకసారి జలుబని వచ్చిపోయిన వాళ్లకూ ఇదే మెసేజ్ వెళ్తోంది. ఇది మీ ఫోనులో ఎవరి కంటబడినా, మీరు మా దగ్గర దేనికి చూపించుకుంటున్నారో వాళ్లకు తెలియదు.

*పిల్లల టీకాలు: 8వ తేదీ శనివారం, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా*

నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలలు నిండిన బిడ్డలకు పెంటావాలెంట్ సూది, పోలియో చుక్కలు, రోటా చుక్కలు ఉంటాయి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం లాంటి ఐదు జబ్బులకు ఆ ఒక్క సూదే కాపు. తొమ్మిది నెలలు నిండితే తట్టు, రుబెల్లా టీకా. దాని రెండో డోసు, డీపీటీ బూస్టరు ఏడాదిన్నర ప్రాంతంలో వేయించాలి. నడక వచ్చాక టీకాలు అయిపోయాయనుకుని చాలామంది మరిచిపోయేది ఈ బూస్టరునే. ఒకసారి కార్డు తీసి చూడండి.

కార్తీక పౌర్ణమి హడావుడిలో తేదీ దాటిపోయిందని టెన్షన్ పడొద్దు. మొదటి నుంచి మళ్లీ వేయించనక్కర్లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తాం. కొద్దిగా జలుబు, దగ్గు ఉన్నా టీకా వేయించవచ్చు. ఒళ్లు కాలిపోతుంటే మాత్రం ముందు డాక్టరుగారికి చూపించండి. టీకా వేశాక అరగంట ఇక్కడే కూర్చోవాలి, బస్సుకు టైమవుతోందని లేచి వెళ్లొద్దు. జ్వరం మందు బిడ్డ బరువును బట్టి కార్డు మీద రాసిస్తాం. పక్కింటి బిడ్డకు రాసిన కొలత మీ బిడ్డకు పనికిరాదు.

పుట్టగానే వేసే బీసీజీ గురించి తల్లులు, అమ్మమ్మలు చాలామంది అడుగుతున్నారు. కొన్ని వారాలకు ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేస్తుంది, కాస్త చీము కారుతుంది, తర్వాత మచ్చ పడుతుంది. అది మామూలే. పసుపు, సున్నం, నూనె ఏదీ పెట్టకండి, కట్టు కట్టకండి. చంకలో గడ్డలాగా తగిలితే తీసుకురండి.

ఈ టీకాలు ఏరియా ఆసుపత్రిలో, మీ దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. అక్కడ వేయించినా మాకు సంతోషమే. ఎక్కడ వేయించినా కార్డులో రాయించుకోవడం మరవకండి.

*అపాయింట్‌మెంట్లు: 10వ తేదీ సోమవారం నుంచి 15 శనివారం దాకా*

ఎవరి టైము వాళ్లకు రేపు సాయంత్రం విడిగా పంపుతాం. అది ఇలా ఉంటుంది: "మీ అపాయింట్‌మెంట్ 11వ తేదీ ఉదయం 10:30, టోకెన్ 14." అంతే. ఏ డాక్టరు, ఏ పరీక్ష, ఏ జబ్బు అని అందులో రాయం. ఇక్కడ పిలిచేటప్పుడు కూడా టోకెన్ నంబరుతోనే పిలుస్తాం. అల్లూరు, జలదంకి, బోగోలు వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు చెబితే బస్సును బట్టి టైము మారుస్తాం.

మా దగ్గరున్న నంబరు మీ అబ్బాయిదో, పక్కింటివాళ్లదో అయితే చెప్పండి, మారుస్తాం. అసలు మెసేజే వద్దు, నేనే వచ్చి కనుక్కుంటానన్నా సరే. ఎందుకని అడగం. ఫలానా ఆవిడ వచ్చిందా, ఆయన రిపోర్టు ఏమొచ్చింది అని ఫోన్ చేస్తే ఎంత దగ్గరివాళ్లైనా చెప్పలేం. దయచేసి కోపం తెచ్చుకోకండి, రేపు మీ గురించి ఇంకొకరు అడిగినా మాది ఇదే జవాబు. చిన్నపిల్లల వివరాలు తల్లిదండ్రులకే చెబుతాం.

రిపోర్టుల ఫోటోలు, మందుల చీటీలు ఈ నంబరుకు పంపకండి. కౌంటర్ ఫోను మా సిబ్బంది అంతా చూస్తారు. కాగితాలు తెచ్చి గదిలో డాక్టరుగారికే చూపించండి. ఆయాసం, గుండెనొప్పి, బిడ్డకు ఫిట్స్ లాంటివి వస్తే ఇక్కడ మెసేజ్ పెట్టి ఎదురుచూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

టైము మార్చుకోవాలంటే "మార్చండి" అని జవాబివ్వండి, మేమే ఫోన్ చేస్తాం. కారణం రాయనక్కర్లేదు. ఈ మెసేజ్‌లు ఇక అక్కర్లేదనుకుంటే "వద్దు" అని పంపండి, అదేరోజు మీ నంబరు తీసేస్తాం. మీ వైద్యానికి దానితో సంబంధం లేదు.

క్లినిక్ కౌంటర్, కావలి
(ఉదయం 9 నుంచి 1 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా. ఆదివారం సెలవు.)