పదమూడు వందలు ఎక్కువ

ధనుర్మాసం మొదలైన వారానికి శివాలయం అరుగు మీద కూర్చున్న తీర్థం కమిటీ ఆ ఏటి ఖర్చును 2,40,000 రూపాయలుగా అంచనా కట్టింది. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటలో, వెదుళ్లతో కట్టి గుడ్డలతో, పూలతో అలంకరించి మోసుకొచ్చే ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుతీరినట్లే చుట్టుపక్కల అనేక ఊళ్లలోనూ చిన్నా పెద్దా తీర్థాలు సాగుతాయి. వాటిలో ఒకదానికి ఈ ఊరి ప్రభ వెళుతుంది. వెదుళ్లు, తాళ్లు, కట్టుబడి కూలికి 38,000, కొత్త గుడ్డలకు, కడియం నుంచి వచ్చే పూలకు 46,000, మేళానికి, గరగలకు 42,000, బాణసంచాకు 30,000, అన్నసంతర్పణకు 84,000. నిరుటి మిగులు 12,000 తీసివేస్తే ఊరి మీద వేయవలసినది 2,28,000.

కోశాధికారి సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన మనిషి కావడంతో ఊరంతా ఆయనను గుమాస్తా గారనే పిలిచేది. ఇంతకుముందు మొత్తాన్ని ఇళ్ల లెక్కన సమానంగా పంచేవారు. రెండున్నర గదుల ఇంట్లో ఉండే కూలి కుటుంబమూ, పదెకరాల కొబ్బరితోట ఉన్న కుటుంబమూ ఒకే సొమ్ము కట్టడం ఆయనకు మొదటినుంచీ న్యాయమనిపించలేదు. సంతర్పణలో విస్తరి అందరికీ వేస్తారు కనుక ఆ 84,000 గడపల మీద వేయాలనీ, ప్రభ పొలాల మీదుగా సాగితే పంట చల్లగా ఉంటుందన్న నమ్మకంతోనే దాన్ని మోస్తారు కనుక మిగిలిన 1,44,000 ఎకరాల మీద వేయాలనీ ఆయన ప్రతిపాదించారు. ఊళ్లో 126 గడపలు. ఏటిసూతకంలో ఉన్న నాలుగు ఇళ్లను ఆచారం ప్రకారం విడిచిపెట్టి, ఒంటరిగా ఉంటున్న ఇద్దరు వృద్ధురాళ్లను కమిటీ తీర్మానంతో మినహాయిస్తే 120. గడపకు 700 పడింది. పొలమూ తోటా కలిపి 240 ఎకరాలు కాబట్టి ఎకరాకు 600.

ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కౌలు దగ్గరే మాట పెరిగింది. వరిపొలంలో 90 ఎకరాలు కౌలులో ఉన్నాయి, ఆ ఎకరాల వాటా ఎవరు కట్టాలి? దున్నేవాడే పంట తింటాడు కనుక అతనే కట్టాలని సెలవులకు వచ్చిన ఒక భూయజమాని వాదించాడు. తాను హైదరాబాదులో ఉంటున్నానని, మూడేళ్లుగా ప్రభను కళ్లతో చూసిందే లేదని కూడా అన్నాడు.

“బాబుగారూ, కార్తీకంలో పనలు నీళ్లలో తేలిన సంగతి మీకూ తెలుసు. పంట పోయినా మీ కౌలు బస్తాలు మీకు చేరాయి కదండీ. పండినా మానినా వచ్చేది మీకైతే, కట్టేది మాత్రం అతనొక్కడే ఎలా అవుతాడు?” అన్నారు గుమాస్తా గారు.

కౌలు పొలానికి యజమాని 300, కౌలుదారు 300 కట్టేటట్లు, కొబ్బరితోటకు యజమానే మొత్తం 600 కట్టేటట్లు తీర్మానం రాసి అందరి సంతకాలు తీసుకున్నారు. ఆ రాత్రే ఆయన పొడవాటి పుస్తకంలో గడప పేరు, సొంత ఎకరాలు, కౌలు ఎకరాలు, కట్టవలసినది, కట్టినది, రసీదు నంబరు అని గళ్లు గీశారు. వసూలుకు నలుగురు కుర్రవాళ్లను నియమించి, ఒక్కొక్కరికి 50 రసీదుల పుస్తకం చేతికిస్తూ, నగదు ఇచ్చినా ఫోనులో పంపినా కార్బను పెట్టి రసీదు రాయవలసిందేనని, తప్పుగా రాసిన రసీదును చింపి పారేయకుండా అడ్డంగా గీత గీసి పుస్తకంలోనే ఉంచాలని రెండుసార్లు చెప్పారు.

భోగికి రెండు రోజుల ముందు లెక్క సరిచూడడం మొదలుపెట్టారు. నాలుగు పుస్తకాల అడుగు రసీదులు కూడితే 2,19,400 వచ్చింది. చేతిలో నగదు 1,32,900, బ్యాంకులో జమ 87,800, వెరసి 2,20,700. రసీదుల కంటే సొమ్ము 1,300 ఎక్కువగా ఉంది.

“తక్కువ వస్తే కంగారు పడాలి గానీ బాబాయ్ గారూ, ఎక్కువొస్తే స్వామి ఇచ్చాడనుకుందాం. రేపటికి చిల్లర ఖర్చులకు పనికొస్తాయి” అన్నాడు నాలుగో వీధి వసూలు చేసిన కుర్రవాడు. అధ్యక్షులు కూడా అదే సబబన్నారు.

గుమాస్తా గారు ఒప్పుకోలేదు. లోటు వస్తే అది కమిటీ భరించేది, కానీ ఎక్కువ వచ్చిందంటే ఎవరో కట్టిన సొమ్ముకు పేరు లేదన్నమాట. ఆ మనిషి పేరు రేపు గుడి దగ్గర బాకీదారుల వరసలో మైకులో చదవబోతున్నామన్నమాట. ఆయన నగదు కట్టలు మళ్లీ లెక్కపెట్టించి, బ్యాంకు కాగితంలోని ఒక్కొక్క వరసకు ఎదురుగా రసీదు నంబరు వేస్తూ వచ్చారు. ఫోనులో వచ్చిన సొమ్ముకు పంపినవారి పేరు ఉంటుంది గానీ గడప పేరు ఉండదు. తండ్రి వాటా కొడుకు పంపితే కొడుకు పేరు, అక్క వాటా తమ్ముడు పంపితే తమ్ముడి పేరు కనిపిస్తుంది. చివరికి నంబరు పడని వరస ఒక్కటే మిగిలింది. సొమ్ము సరిగ్గా 1,300. పంపినవాడి పేరు ఊళ్లో ఎవరూ ఎరగనిది.

పుస్తకంలో చూస్తే, కట్టనివారిలో అంత సొమ్ము బాకీ ఉన్నది ఒకే గడప. గడపకు 700, కౌలుకు చేస్తున్న రెండెకరాలకు 600. సొమ్ము సరిపోయిందని ఊహించి పేరు రాసేయడం ఆయన పద్ధతి కాదు. పుస్తకం చంకన పెట్టుకుని ప్రభ కడుతున్న చోటికి వెళ్లారు. ఆ కౌలు రైతు తెల్లవారుజామున దాళ్వా నాట్లు చూసుకుని వచ్చి, నిచ్చెన మీద నిలబడి, వంచిన వెదురుబద్ద రెండు కొసలను మోకాలితో అదిమిపట్టి తాడు బిగిస్తున్నాడు. కొస జారితే బద్ద ముఖానికి తగులుతుంది కాబట్టి ముడి పడేదాకా గుమాస్తా గారు పలకరించలేదు.

“నీ వాటా సంగతి అడుగుదామని వచ్చానోయ్.”

“ఆయ్, మా అల్లుడు పంపేశాడండి, పోయిన బుధవారం. నాకు పెద్ద ఫోను లేదు కదండీ. డబ్బు చేరితే చాలు కదా అని కుర్రాడికి చెప్పలేదండి.”

అల్లుడి పేరు, అతని ఫోను నంబరు చివరి అంకెలు అడిగితే కాగితంతో సరిపోయాయి. గుమాస్తా గారు వెదుళ్ల కట్ట మీదే కూర్చుని, మామగారి గడప పేరుతో, “అల్లుని ద్వారా ఫోనులో” అన్న వివరంతో రసీదు రాసి అతని చేతిలో పెట్టారు. రసీదుల మొత్తం 2,20,700 అయింది. నాలుగో వీధి కుర్రవాడిని పిలిచి, మిగిలిన మూడు పుస్తకాల్లో ఫోను రసీదులకు కూడా పంపినవారి పేరు అతని చేతనే రాయించారు.

ఇంకా రావలసినది 7,300. అందులో 3,300 ఊళ్లో లేని యజమానుల కౌలు పొలాల వాటా, 1,200 రెండెకరాల తోటది, 2,800 నాలుగు గడపలది. ఆ నాలుగింటి పేర్లు మైకులో చదవకుండా పండుగ వెళ్లాక ఇళ్లకే వెళ్లి అడగాలని ఆయన పట్టుబట్టగా కమిటీ ఒప్పుకుంది. యజమానుల పేర్లు మాత్రం చదివారు. సంతర్పణ సొమ్ము, కట్టుబడి కూలి తగ్గించడానికి వీల్లేదని, రాని డబ్బును నమ్మి ఏదీ కొనకూడదని చెప్పి, బాణసంచా పద్దులో 30,000 కొట్టివేసి 22,700 అని రాశారు. కింద అధ్యక్షుల సంతకం తీసుకుని, సరుకు తేవడానికి వెళ్లేవాళ్లకు ఆ చీటీ, నగదు ఇచ్చి పంపారు.